మార్కెట్ పడిన ఏడాది నెల ఖర్చు ఎంత తగ్గించాలి?

ప్రశ్న: నాకు 61, మా ఆవిడకు 60. మాది ఒంగోలు దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం, సి.వి. రామన్ నగర్‌లో సొంత ఫ్లాట్ ఉంది. పోయిన ఏడాది రిటైరయ్యాను. అప్పటికి 2 కోట్లు ఉన్నాయి. సగం ఈక్విటీ ఫండ్లు, సగం డిపాజిట్లు, డెట్ ఫండ్లు. ఏడాదికి 9 లక్షలు, అంటే నెలకు 75 వేలు వాడుకుంటున్నాం. అందులో 52,500 తప్పనిసరి ఖర్చులకే పోతుంది. ఈ ఏడాది ఈక్విటీ 25 శాతం పడింది, మొత్తం 1.72 కోట్లకు దిగింది. మా అబ్బాయి 'గార్డ్‌రెయిల్స్' అని ఏదో పద్ధతి చెప్పి ఖర్చు 10 శాతం తగ్గించమంటున్నాడు. మా బావగారు అన్నీ అమ్మేసి ఎఫ్‌డీలో వేయమంటున్నారు. మా ఆవిడేమో దేన్నీ కదపొద్దంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: నమస్కారమండీ. ఈ ఏడాది మీ 75 వేలలో ఒక్క రూపాయి కూడా తగ్గించక్కర్లేదు. ధరలు పెరిగాయి కదా అని పెంచకండి, అంతే చాలు. మీ అబ్బాయి చెప్పిన పద్ధతి మంచిదే. కానీ ఆ పద్ధతిని దాని వరసలో పాటిస్తే ఈ ఏడాది వచ్చే జవాబు ఇదే. కోత అవసరం రావచ్చు, అది వచ్చే ఏడాది మాట. దానికి ఎలా సిద్ధపడాలో కూడా చెబుతాను.

ముందు అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. మీ ఈక్విటీ ఫండ్ ఒక్కో యూనిట్ ధర, అంటే ఎన్‌ఏవీ, 100 ఉన్నప్పుడు నెలకు 75 వేలు కావాలంటే 750 యూనిట్లు అమ్మితే సరిపోతుంది. అదే ఎన్‌ఏవీ 75కి పడితే అదే డబ్బుకు 1,000 యూనిట్లు అమ్మాలి. రేపు ఎన్‌ఏవీ మళ్లీ 100కి వచ్చినా, నెల నెలా అదనంగా అమ్మిన ఆ 250 యూనిట్లు తిరిగి రావు. మార్కెట్ కోలుకుంటుంది, మీ దగ్గర మాత్రం కోలుకోవడానికి తక్కువ యూనిట్లు మిగులుతాయి. అందుకే రిటైరైన మొదటి పదేళ్లలో వచ్చే పతనం చేసే నష్టం, 80 ఏళ్ల వయసులో వచ్చే అదే పతనం చేయదు. మీకు అది మొదటి ఏడాదే వచ్చింది. కాబట్టి మీ ఆవిడగారు చెప్పినట్టు ఏమీ కదపకుండా, పైగా ధరల పెరుగుదలకు తగ్గట్టు ఏటా 6 శాతం పెంచుకుంటూ పోవడం కూడా క్షేమం కాదు.

గార్డ్‌రెయిల్స్ పద్ధతిని అమెరికాలో జొనాథన్ గయ్‌టన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్, విలియం క్లింగర్‌తో కలిసి 2006లో ఒక రూపానికి తెచ్చారు. అంతకు ముందు అక్కడ విలియం బెంగెన్ 1994లో చెప్పిన నాలుగు శాతం లెక్కే ఎక్కువ మంది నోట ఉండేది. మొదటి ఏడాది 4 శాతం తీసుకో, తర్వాత మార్కెట్ ఏమైనా సరే, ఏటా ధరల పెరుగుదల మేరకు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పో, అని. అలా కళ్లు మూసుకుని ఎవరూ బతకరు కదా. దాచుకున్న మొత్తం, అంటే కార్పస్, కరిగిపోతుంటే ఏ ఇల్లాలైనా ఖర్చు దగ్గర పెడుతుంది. గయ్‌టన్, క్లింగర్ చేసింది ఆ పనికే ఒక కొలత పెట్టడం.

ఆ కొలత ఇలా ఉంటుంది. మీరు మొదటి ఏడాది 2 కోట్లలో 9 లక్షలు తీసుకున్నారు, అంటే 4.5 శాతం. దీనికి అటూ ఇటూ ఐదో వంతు దూరంలో రెండు హద్దులు పెడతారు. పై హద్దు 5.4 శాతం, కింది హద్దు 3.6 శాతం. ఏటా ఒకసారి, ఆ ఏడాది తీసుకోబోయే మొత్తం అప్పటి కార్పస్‌లో ఎంత శాతమో చూస్తారు. 5.4 దాటితే ఖర్చు 10 శాతం తగ్గిస్తారు. 3.6 కంటే కిందికి పోతే 10 శాతం పెంచుతారు. మధ్యలో ఉంటే ధరల పెరుగుదల మేరకు పెంచుకుని ఊరుకుంటారు. వీటికి ముందు ఇంకో నియమం ఉంది. గడిచిన ఏడాది మొత్తం కార్పస్ మీద నష్టం వచ్చి, తీసుకునే శాతం కూడా మొదటి ఏడాది శాతం కంటే ఎక్కువైతే, ఆ ఏడాదికి ధరల పెంపు ఆపేస్తారు.

చాలామంది పొరపడేది ఈ వరస దగ్గరే. మీ అబ్బాయి ముందు 9 లక్షలకు 6 శాతం కలిపి 9.54 లక్షలు చేసి, దాన్ని 1.72 కోట్లతో భాగించి ఉంటాడు. అప్పుడు 5.5 శాతం వస్తుంది, హద్దు దాటినట్టే కనిపిస్తుంది. కానీ నష్టం వచ్చిన ఏడాది కాబట్టి ముందు పెంపు ఆగాలి. 9 లక్షలే తీసుకుంటే అది 5.2 శాతం. హద్దు లోపలే ఉన్నారు. కోత లేదు.

ఈ శాతాలు గుర్తుపెట్టుకోవడం కష్టం అనిపిస్తే రూపాయల్లోకి మార్చి డైరీలో రాసుకోండి. 9 లక్షలు 5.4 శాతం కావాలంటే కార్పస్ 1 కోటి 67 లక్షలు ఉండాలి. 3.6 శాతం కావాలంటే 2 కోట్ల 50 లక్షలు. అంటే ఖర్చు 75 వేల దగ్గరే ఉన్నంత కాలం మీరు చూడాల్సినవి ఈ రెండు అంకెలే. మొత్తం 1.67 కోట్ల కంటే తగ్గిందా, 2.50 కోట్ల కంటే పెరిగిందా? ప్రస్తుతం 1.72 దగ్గర ఉన్నారు. ఇంకో 5 లక్షలే దూరం అని మీకు గుబులు కలగొచ్చు. అందుకే రెండో ఏడాది కూడా చెడ్డదే అయితే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను.

ఈ ఏడాది 9 లక్షలూ డెట్ వైపు నుంచే తీశారనుకుందాం. మిగిలిన డెట్ 7 శాతం పెరిగింది, ఈక్విటీ ఇంకో 10 శాతం పడింది. వచ్చే ఏడాది ఇదే సమయానికి మొత్తం దాదాపు 1 కోటి 62 లక్షలు ఉంటుంది. 9 లక్షలు అందులో 5.55 శాతం. ఇప్పుడు హద్దు నిజంగానే దాటింది. గయ్‌టన్ లెక్క ప్రకారం 10 శాతం కోస్తే నెలకు 67,500 అవుతుంది, శాతం 5.0కి దిగుతుంది. హద్దులేవీ పెట్టుకోకుండా ఏటా 6 శాతం పెంచుకుంటూ పోయిన వాళ్లు అదే సమయానికి 6.26 శాతం తీస్తుంటారు. రెండేళ్లకే ఇంత తేడా వచ్చేసింది. ఈ పద్ధతి కార్పస్ ఆయుష్షును పెంచేది ఇలాగే, వరసగా వచ్చే చెడ్డ ఏళ్లలో శాతం పైకి పాకకుండా ఆపుతూ.

అయితే ఈ పద్ధతి గురించి చెప్పేవాళ్లు దాటేసే విషయం ఒకటుంది, మీకు అది తెలియాలి. '10 శాతం కోత' అన్న మాట మెత్తగా వినిపిస్తుంది కానీ, రెండేళ్లు పెంపు ఆగిపోయాక వచ్చే 10 శాతం అది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ 75 వేలకు నడిచే ఇల్లు నడపడానికి రెండేళ్ల తర్వాత 84 వేల పైచిలుకు కావాలి. మీ చేతిలో 67,500 ఉంటుంది. అసలు కోత 20 శాతం. ధరలు రెండు మూడు శాతం పెరిగే దేశంలో పుట్టిన నియమం కాబట్టి అక్కడ పెంపు ఆపడం పెద్దగా నొప్పి పెట్టదు. మన దగ్గర పెట్టుద్ది.

దీన్ని మీ ఇంటి లెక్కలోకి తెద్దాం. ఇవాళ 75 వేలలో 52,500 తప్పనివి. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పాలు, కూరగాయలు, గ్యాస్, పనమ్మాయి జీతం, కరెంటు బిల్లు, బీపీ షుగర్ మందులు, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇలాంటివన్నీ. మిగిలిన 22,500లోంచే కారు, ప్రయాణాలు, తిరుపతి, పెళ్లిళ్లకు పెట్టుపోతలు, మనవళ్లకు బహుమతులు. ఈ ఏడాది పెంపు ఆపితే తప్పనిసరి ఖర్చు దానంతట అదే 55,650 అవుతుంది, మిగతా వాటికి 19,350 ఉంటుంది. అంటే నెలకు మూడు వేల సర్దుబాటు. ఊరికి కారులో నాలుగుసార్లు వెళ్లేవాళ్లు రెండుసార్లు రైల్లో వెళితే తీరిపోతుంది. కానీ వచ్చే ఏడాది 67,500కి కోస్తే తప్పనిసరివి అప్పటికి దాదాపు 59 వేలు తీసుకుంటాయి. మిగిలేది 8,500. ఇరవై రెండు వేల నుంచి ఎనిమిదిన్నర వేలకు! ఇది ఏ ఇంట్లోనైనా గొడవ పెట్టే కోత. గొడవ అయిన చోట పద్ధతి మూలన పడుతుంది, మూడో నెలకే ఏదో ఫంక్షన్ పేరు చెప్పి అదనంగా ఒక రిడెంప్షన్ పెట్టేస్తారు.

కాబట్టి మీకు నా సలహా, హద్దులు అవే ఉంచుకోండి, కోత మాత్రం 5 శాతానికి మార్చుకోండి. వచ్చే ఏడాది హద్దు దాటితే 75 వేలను 71,250 చేయండి. 1.62 కోట్ల మీద అది 5.28 శాతం, తిరిగి హద్దు లోపలికి వచ్చేశారు. సొంత ఖర్చులకు 12 వేల పైన మిగులుతుంది. ఆ మరుసటి ఏడాది కూడా దాటితే ఇంకో 5 శాతం. దీనికి మూల్యం లేకపోలేదు. 10 శాతం కోతతో పోలిస్తే ఏడాదికి 45 వేలు కార్పస్‌లోంచి ఎక్కువ పోతాయి, పతనం నాలుగైదేళ్లు సాగితే మీరు కాస్త వెనకబడతారు. అయినా పాటించగలిగిన చిన్న కోతే మేలని నా గట్టి అభిప్రాయం. పెంపు వైపు కూడా అంతే, 2.50 కోట్లు దాటితే 5 శాతమే పెంచుకోండి.

దానితో పాటు ఒక అడుగు గీత కూడా గీయండి. తప్పనిసరి ఖర్చు ఆ ఏడాది ఎంతో, దాని కిందికి మాత్రం నియమం ఏం చెప్పినా దిగకూడదు. ఆ గీతను మార్కెట్‌తో సంబంధం లేని ఆదాయంతో నింపగలిగితే మీ నిద్ర సమస్య చాలావరకు తీరుతుంది. మీకు అరవై దాటాయి, ఆవిడగారికి అరవై నిండాయి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక్కొక్కరు 30 లక్షల వరకు వేసుకోవచ్చు. ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం, వేసిన రోజు ఉన్న రేటు ఐదేళ్ల పాటు మారదు, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. ఇద్దరి పేరా 60 లక్షలు ఉంటే నెలకు సగటున 41 వేలు. మీ 52,500లో ముప్పావు వంతు పైనే అక్కడే వచ్చేస్తుంది. డెట్ వైపు ఉన్న డబ్బులో ఇప్పటికే ఎంత ఇందులో ఉందో రాయలేదు మీరు. లేకపోతే మెచ్యూర్ అవుతున్న డిపాజిట్లను ఇటు మళ్లించండి. ఈ వడ్డీ కూడా మీ 9 లక్షల్లో భాగమే అని మర్చిపోకండి. చాలామంది వడ్డీ వేరు, విత్‌డ్రా వేరు అనుకుని, వడ్డీ తింటూ ఫండ్ల నుంచి పూర్తి మొత్తం తీస్తూ, శాతం లెక్కలో మాత్రం రెండోదే వేసుకుంటారు. పన్ను కూడా ఆ 9 లక్షల్లోంచే కట్టాలి.

కార్పస్ అంటే ఏది కలపాలి, ఏది కలపకూడదు అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఉంటున్న ఫ్లాట్, ఆవిడగారి బంగారం, ఆసుపత్రి కోసం పక్కన పెట్టిన డబ్బు, ఇవి కలపకండి. లేకపోతే మార్కెట్ పడిన ఏడాది హద్దు దాటకుండా చూపించుకోవడానికి ఏదో ఒకటి లెక్కలోకి లాగాలనిపిస్తుంది.

చూసుకునే రోజు ఏడాదికి ఒక్కటే ఉండాలి. మధ్యలో యాప్ తెరిచి చూసినా నిర్ణయం మాత్రం ఆ రోజే. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, 2020 చూస్తే తెలుస్తుంది. ఆ జనవరిలో 12,362 దగ్గర ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610కి వచ్చింది, 38 శాతం పతనం. మార్చి 31ని లెక్క రోజుగా పెట్టుకున్న వాళ్లు ఆ ఏడాది కోత వేసుకుని ఉండొచ్చు. నవంబర్‌కల్లా సూచీ పాత గరిష్ఠాన్ని దాటేసింది. డిసెంబర్‌లో లెక్క చూసుకునే వాళ్లకు కోత అవసరమే పడి ఉండదు. అందుకని, హద్దు దాటినట్టు కనిపించిన రోజునే కోయకుండా ఒక నెల ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ బయటే ఉంటే కోయండి. ఇంకా ఆగుదాం, ఎన్నికలయ్యాక చూద్దాం, దీపావళి తర్వాత చూద్దాం అని మాత్రం సాగదీయకండి.

ఖర్చు మారినప్పుడల్లా డైరీలోని రూపాయల హద్దులు కూడా మార్చాలి. 71,250కి దిగితే ఏడాదికి 8.55 లక్షలు, 5.4 శాతం హద్దు 1 కోటి 58 లక్షలు అవుతుంది, 3.6 శాతం హద్దు 2 కోట్ల 37 లక్షలు. కోత వేయగానే ప్రమాద రేఖ 8 లక్షలకు పైగా కిందికి జరిగింది చూడండి. ఈ చిన్న సర్దుబాటుతో మీరు కొనుక్కునేది ఆ దూరమే. ఇంకో మాట, కోలుకోవడం నెమ్మదిగా ఉంటుంది. మూడో ఏడాది ఈక్విటీ 30 శాతం లేచినా మీ కార్పస్ 1.80 కోట్ల దగ్గరికి వస్తుంది. 6 శాతం పెంపు మళ్లీ మొదలవుతుంది, శాతం 5 దగ్గర ఉంటుంది. ఆపేసిన పాత పెంపులు మాత్రం ఈ పద్ధతిలో వెనక్కి రావు, తీసుకునే శాతం 3.6 కంటే కిందికి దిగేదాకా ఆగాల్సిందే. ఆవిడగారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పండి. మార్కెట్ లేచిందిగా, ఆగిన పెంపులన్నీ ఇప్పుడు కలపాలిగా అన్న ప్రశ్న అప్పుడు ఇంట్లో తప్పకుండా వస్తుంది.

బావగారి సలహా సంగతి. ఇవాళ అన్నీ ఎఫ్‌డీలోకి మార్చితే 25 శాతం నష్టం ఖాయం చేసుకున్నట్టే. ఆ తర్వాత 7 శాతం వడ్డీ మీద పన్ను పోగా ధరల పెరుగుదలకు సరిగ్గా సరిపోతే గొప్ప. 1.72 కోట్లలోంచి 9 లక్షలు తీస్తూ ఏటా 6 శాతం పెంచుకుంటూ పోతే ఆ డబ్బు సుమారు 19, 20 ఏళ్లకు అయిపోతుంది. అప్పటికి మీకు 80 దాటతాయి, ఆవిడగారు మీకంటే ఎక్కువ కాలం ఉండొచ్చు. ఈక్విటీ మీ దగ్గర ఇప్పుడు 75 లక్షలు, మొత్తంలో దాదాపు 44 శాతం. ఇంకేమీ అమ్మకండి. ఈ ఏడాది డబ్బంతా డెట్ నుంచే తీయండి. ఈక్విటీ బాగా లేచిన ఏడాది పెరిగిన దాంట్లోంచి తీసి డెట్‌ను నింపండి.

రెండు పరిమితులు చెప్పి ముగిస్తాను. మొదటిది, 4.5 శాతం మన పరిస్థితుల్లో కాస్త పైన ఉన్న అంకే. గయ్‌టన్, క్లింగర్ 5 శాతం పైన కూడా మొదలుపెట్టొచ్చని తేల్చింది అమెరికా మార్కెట్, అమెరికా ధరల మీద. మన నిఫ్టీ చరిత్ర చూస్తే ఒకదాని తర్వాత ఒకటిగా ముప్ఫై ఏళ్ల రిటైర్మెంట్లు రెండు కూడా పట్టవు. మీరు ఇంకా రిటైర్ కాలేదంటే 4 శాతంతో మొదలుపెట్టమనేవాణ్ణి. ఇప్పుడు చేయగలిగింది, మంచి ఏళ్లలో కూడా 6 శాతం బదులు 5 శాతమే పెంచుకోవడం. తప్పనిసరి ఖర్చు మొత్తంలో 85 శాతం ఉన్న ఇళ్లకు ఈ పద్ధతి పనికిరాదు, కోయడానికి ఏమీ ఉండదు కాబట్టి. మీకు 70 శాతం ఉంది, నడుస్తుంది. కానీ మందుల ఖర్చు, ఇన్సూరెన్స్ ప్రీమియం మిగతా ధరల కంటే వేగంగా పెరుగుతాయి, కాబట్టి ఏటా లెక్క రోజున ఈ 70ని కూడా చూసుకోండి.

రెండోది, కోత నియమాన్ని చివరిదాకా పాటించక్కర్లేదు. ప్లాన్‌లో చివరి 15 ఏళ్లకు దాన్ని ఆపేయమని దాన్ని తయారుచేసిన వాళ్లే చెప్పారు. మీరు 95 ఏళ్ల వరకు ప్లాన్ చేసుకుంటే మీకు 80 వచ్చాక కోతలు ఉండవు. ఆవిడగారు ఏడాది చిన్న కాబట్టి 81 అనుకోండి.

ఇక ఈ వారం చేయాల్సిన పని. ఈక్విటీ ఫండ్ల మీద నెల నెలా యూనిట్లు అమ్మి డబ్బు పంపే ఎస్‌డబ్ల్యూపీ ఏదైనా నడుస్తుంటే దాన్ని రద్దు చేసి, అదే మొత్తానికి డెట్ ఫండ్ మీద కొత్తది పెట్టండి. చాలా చోట్ల ఉన్నదాన్ని మార్చడం కుదరదు, రద్దు చేసి మళ్లీ రిజిస్టర్ చేయాలి. రద్దు అమల్లోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి నెల తేదీకి ముందే చేయండి, లేకపోతే ఒకే నెలలో రెండు వైపుల నుంచీ డబ్బు వచ్చి పడుతుంది.